నా పేరు మీద ఐదు సిమ్‌లు చూపిస్తోంది, నేను తీసుకున్నవి మూడే (తిరుపతి)

కొర్లగుంట లత | 14 సెప్టెంబరు, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా వీధిలో ఒకావిడ చెప్తే ఈరోజు sancharsaathi.gov.in తెరిచి చూశాను. అందులో Know Mobile Connections in Your Name అని ఉంది. నా ఫోన్ నంబరు, పక్కన బొమ్మలో ఉన్న అక్షరాలు కొట్టి, వచ్చిన ఓటీపీ పెట్టగానే ఒక జాబితా వచ్చింది. అందులో ఐదు నంబర్లున్నాయి. పూర్తిగా కనపడవు, మధ్య అంకెలు దాచిపెట్టారు.

చివర 62 నేను వాడేది. చివర 47 మా అబ్బాయి హాస్టల్‌కు వెళ్తున్నాడని జూన్‌లో తీసుకున్నది. చివర 15 మా మరిది కోసం ఎప్పుడో నా ఆధార్ మీద తీసుకున్నాం. మిగతా రెండు, చివర 90, చివర 38, ఎవరివో నాకు తెలియదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్‌గా ఉంది. ప్రతి నంబరు పక్కనా Not My Number, Not Required, Required అని మూడు ఉన్నాయి. ఏది నొక్కాలి? తప్పు నొక్కితే నా నంబరుకే ఏమన్నా అవుతుందా?

---

సెల్ షాప్ వాసు, తిరుపతి | రాత్రి 9:32

ఏమీ కాదక్కా. తెలియని రెండింటికీ Not My Number కొట్టేయండి, వాళ్లే తీసేస్తారు. మీరు ఎక్కడో ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఉంటారు. ఇక్కడ లాడ్జీల్లో, ట్రావెల్స్‌లో అందరూ ఇచ్చేస్తుంటారు కదా, ఆ జిరాక్స్ మీద ఎవరో సిమ్ తీసుంటారు. ఆధార్ నంబరు కొట్టి కూడా చూసుకోవచ్చు, ఇంకా ఉంటే బయటపడతాయి.

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | రాత్రి 10:05

లతమ్మా, ఈ రాత్రి ఏదీ నొక్కవద్దు. వాసూ, నువ్వు చెప్పినదాంట్లో సగమే సరి. ఆ పేజీ ఎక్కడా ఆధార్ నంబరు అడగదు. ఎవరైనా సిమ్‌ల లెక్క చూపిస్తామని ఆధార్ నంబరు అడుగుతుంటే అది వేరే సైటు, మూసేయండి. సంచార్ సాథీ అడిగేది మొబైల్ నంబరు, దానికి వచ్చే ఓటీపీ, అంతే.

అది పనిచేసే తీరు అర్థమైతే భయం సగం తగ్గుతుంది. మీరు లాగిన్ అయిన నంబరు ఏ పేరుతో, ఏ గుర్తింపు పత్రంతో తీసుకున్నారో ముందు అది చూస్తుంది. ఆ వివరాలతో కలిసే మిగతా కనెక్షన్లు అన్ని కంపెనీల రికార్డుల్లోనూ వెతికి చూపిస్తుంది. అందుకని మొదటి ప్రశ్న, మీ 62 మీ పేరు మీదే ఉందా? మీవారి పేరు మీద ఉంటే మీరు చూసింది ఆయన జాబితా.

జిరాక్స్ సంగతి పాత సిమ్‌లకు నిజమే. కాగితం ఫారం, జిరాక్స్ పెట్టి సిమ్ ఇచ్చే పద్ధతి 2024 జనవరి 1తో ఆపేశారు. ఇప్పుడు వేలిముద్ర కానీ, మనిషినీ అసలు కార్డునూ అక్కడికక్కడే ఫోటో తీయడం కానీ జరగాలి. కాబట్టి ముందు అవి పాతవా కొత్తవా తేల్చుకోవాలి.

ఈ సౌకర్యం పుట్టింది మన దగ్గరే. 2021లో టెలికాం శాఖ విజయవాడ విభాగం టాఫ్‌కాప్ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకు మొదలుపెట్టింది. 2023 మేలో సంచార్ సాథీ వచ్చాక దేశమంతటికీ అందులో కలిపారు.

---

మదనపల్లె ముని | రాత్రి 10:20

నేను కూడా చూసుకున్నాను. ఆధార్ సైటులో నా ఆధార్‌కు ఒకే ఫోన్ నంబరు లింకు అయి ఉంది. కాబట్టి నా పేరు మీద ఒకటే సిమ్ ఉన్నట్టు. లత గారు కూడా ఆధార్ సెంటర్‌కు వెళ్లి మిగతా నాలుగు నంబర్లు తీయించుకుంటే సరిపోతుంది.

---

కాళహస్తి భారతి | రాత్రి 10:31

ముని గారూ, అవి రెండూ వేరు. ఆధార్‌లో ఉండే నంబరు ఓటీపీ రావడానికి మనం ఇచ్చుకున్నది, అది ఒకటే ఉంటుంది. ఆ నంబరు ఎవరి పేరు మీద తీసుకున్నదైనా అక్కడ రాస్తారు. మన ఆధార్ చూపించి తీసిన సిమ్‌లు ఎన్ని అనేది ఆధార్ కేంద్రం దగ్గర ఉండదు, ఫోన్ కంపెనీల దగ్గర ఉంటుంది. మీరు కూడా సంచార్ సాథీలో ఒకసారి చూసుకోండి.

---

పుత్తూరు గిరి | రాత్రి 11:02

సార్ చెప్పినట్టు తొందరపడకండి మేడమ్. నేను తొందరపడి పెద్ద చిక్కు తెచ్చుకున్నాను.

నా జాబితాలో నాలుగు వచ్చాయి. ఒక నంబరు చివరి అంకెలు చూస్తే గుర్తు రాలేదు. వెంటనే Not My Number కొట్టేశాను. కొన్ని రోజులకు నా భార్య ఫోన్‌కు మీ సిమ్ వివరాలు మళ్లీ నిర్ధారించుకోవాలని మెసేజ్‌లు మొదలయ్యాయి. మోసం మెసేజ్ అనుకుని ఆమె పట్టించుకోలేదు. ఒకరోజు ఫోన్ మూగబోయింది. కాల్ పోదు, రాదు. పెళ్లైన కొత్తలో ఆమె సిమ్ నా ఓటర్ కార్డు మీద నేనే తీసిచ్చాను. ఆ సంగతే మర్చిపోయాను. ఆమె బ్యాంకు ఖాతా, గ్యాస్, డ్వాక్రా గ్రూపు అన్నీ ఆ నంబరుకే ఉన్నాయి.

కంపెనీ స్టోర్‌కు ఇద్దరం వెళ్లాం. నంబరు నాదేనని రాసిచ్చి, మళ్లీ ముఖం ఫోటో దిగి, వేలిముద్ర వేస్తే రెండో రోజుకు వచ్చింది. పూర్తిగా రద్దయ్యాక తెలిసుంటే ఆ నంబరు దక్కేదో లేదో. నంబరు చివరి అంకెలు ఫోన్‌బుక్‌లో వెతికుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

---

కొర్లగుంట లత | 15 సెప్టెంబరు, ఉదయం 7:45

గిరి గారూ, మీరు రాసింది చదివి రాత్రంతా ఆగాను. 62 నా పేరు మీదే ఉంది సార్, నేనే వెళ్లి తీసుకున్నాను.

కాంటాక్ట్స్‌లో 90తో ముగిసేవి వెతికితే ఏమీ రాలేదు. తర్వాత పాత మెసేజ్‌లలో, మెయిల్‌లో వెతికాను. లాక్‌డౌన్‌లో మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం నెట్ డాంగిల్ కొన్నాం. దాని రీచార్జి రసీదు మెయిల్‌లో దొరికింది, దానిలోని సిమ్ నంబరు చివర 90. డాంగిల్ ఇంకా అటక మీద ఉంది. అంటే అది నేను తీసుకున్నదే.

38 మాత్రం ఎక్కడా లేదు. ఇంట్లో అందరినీ అడిగాను, మరిదిని కూడా అడిగాను.

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | ఉదయం 8:30

మంచి పని చేశావమ్మా. ఇప్పుడు ఒక్కొక్క నంబరూ చూద్దాం.

62, 47 నీ ఇంటివి, వాటిని అలాగే వదిలేయి. 90 నువ్వే తీసుకున్నావు, ఇక అక్కర లేదు. దానికి Not Required. నేను తీసుకున్నదే, ఆపేయండి అని దాని అర్థం. ఆ పని చేసే ముందు ఆ నంబరు ఏ బ్యాంకుకూ, ఏ యాప్‌కూ ఇవ్వలేదని ఖాయం చేసుకో. ఆపిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. అప్పుడు నీ ఓటీపీలు వాళ్లకు పోతాయి.

15 మీ మరిది వాడుతున్నది. అది Not My Number కాదు, ఎందుకంటే తీసుకున్నది నువ్వే. అయితే ఆ సిమ్‌తో ఏం జరిగినా మొదట అడిగేది నిన్నే. మీ ఇద్దరూ కలిసి స్టోర్‌కు వెళ్లి ఆయన పేరుకు మార్పించుకోవడం మేలు.

ఇక 38. జూన్‌లో అబ్బాయి సిమ్ ఎక్కడ తీసుకున్నావు? వేలిముద్ర ఎన్నిసార్లు పెట్టించారు?

---

కొర్లగుంట లత | ఉదయం 9:05

బస్టాండ్ దగ్గర గొడుగు కింద టేబుల్ వేసుకుని ఒకబ్బాయి అమ్ముతున్నాడు సార్. మొదటిసారి వేలు పెట్టాక పడలేదమ్మా, చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టండి అన్నాడు. రెండోసారి పడింది అన్నాడు. ఎండలో చెమట కదా, నిజమే అనుకున్నాను. ఫోటో కూడా రెండుసార్లు తీశాడు. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు.

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | ఉదయం 9:40

ఎక్కువగా జరిగే పద్ధతి ఇదే. మొదటి ముద్రకే నీ సిమ్ పని అయిపోతుంది, రెండో ముద్రతో ఇంకో సిమ్ యాక్టివేట్ అవుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని తర్వాత ఎక్కువ ధరకు అమ్ముతారు. తన పత్రాలు చూపించడం ఇష్టం లేనివాడే అలాంటి సిమ్ కొనుక్కుంటాడు.

ఊహతో ఆగక్కర్లేదు, చూసుకునే దారి ఉంది. myaadhaar.uidai.gov.in లో లాగిన్ అయితే Authentication History అని ఉంటుంది. నీ ఆధార్‌ను ఏ రోజు, ఏ సమయానికి, ఏ సంస్థ, వేలిముద్రతోనా ఓటీపీతోనా సరిచూసిందో అందులో వస్తుంది. ఆరు నెలల వెనక వరకే చూపిస్తుంది, అది కూడా 50 నమోదుల దాకా. జూన్ కాబట్టి ఇంకా దొరుకుతుంది. ఆలస్యం చేస్తే ఆ రుజువు పోతుంది. ఫోటో తీసి పెట్టుకో.

---

కొర్లగుంట లత | మధ్యాహ్నం 1:15

చూశాను సార్. జూన్‌లో మేము సిమ్ కొన్న రోజున ఒకే టెలికాం కంపెనీ పేరుతో రెండు వేలిముద్ర నమోదులున్నాయి. మధ్యలో తేడా 11 నిమిషాలు. రెండూ సఫలం అయినట్టే ఉంది. పడలేదు అన్న మొదటిది కూడా పడింది!

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | మధ్యాహ్నం 1:50

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. రెండు నమోదులు ఉన్నంత మాత్రాన రెండు సిమ్‌లు అని తీర్మానించలేం. ముద్ర పడ్డాక సర్వర్ మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టాల్సి వస్తుంది, అప్పుడు కూడా రెండు కనిపిస్తాయి. కానీ నీ దగ్గర రెండు నమోదులూ ఉన్నాయి, జాబితాలో ఎవరూ ఎరగని 38 కూడా ఉంది. రెండూ కలిపి చూస్తే అనుమానం బలంగానే ఉంది.

ఇప్పుడు 38కి Not My Number ఎంచుకుని రిపోర్ట్ చేయి. తెర మీద ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, రాసుకో. ఆ తర్వాత కంపెనీ 38 వాడుతున్నవాడిని పత్రాలు మళ్లీ చూపించమంటుంది. కార్డు నీది, ముఖం వాడిది కాబట్టి వాడు రాలేడు. రాకపోతే నంబరు ఆగిపోతుంది. గిరి గారి ఇంట్లో జరిగింది ఇదే, అక్కడ అసలు మనిషే ఉన్నారు కాబట్టి తిరిగి వచ్చింది. నొక్కిన రోజే పోదు, కొన్నాళ్లు పడుతుంది. మళ్లీ లాగిన్ అయి ఆ రిఫరెన్స్‌తో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

---

పలమనేరు మనవడు | సాయంత్రం 5:20

సార్, నాదొక డౌటు. మా తాతకు 74 ఏళ్లు. మొన్న సంతలో వ్యాన్ పెట్టి ఉచితంగా సిమ్ ఇస్తామంటే నాలుగైదు సార్లు వేలు పెట్టి వచ్చాడంట. ఆయనకు కీప్యాడ్ ఫోనే ఉంది. నా ఫోన్‌లో నా నంబరుతో చూస్తే రెండే వచ్చాయి, రెండూ నావే. అంటే తాతకు ఏమీ లేనట్టేనా?

---

కాళహస్తి భారతి | సాయంత్రం 5:41

తమ్ముడూ, నీ నంబరుతో చూస్తే నీ జాబితా వస్తుంది, తాతది రాదు. నీ ఫోన్‌లోనే సైటు తెరువు, నంబరు దగ్గర తాత నంబరు కొట్టు. ఓటీపీ మామూలు మెసేజ్‌గా ఆయన కీప్యాడ్ ఫోన్‌కే వస్తుంది. అది చూసి నీ ఫోన్‌లో కొట్టేస్తే చాలు. ఆయన వాడేది ఆయన పేరు మీద తీసిందో, మీ నాన్న పేరు మీద తీసిందో కూడా అడుగు.

---

పలమనేరు మనవడు | సాయంత్రం 6:30

అక్కా, చూశాను. ఏడు వచ్చాయి! తాత వాడేది ఒకటి, సంతలో ఇచ్చింది ఒకటి. మిగతా ఐదు ఎవరికీ తెలియవు. ఇన్ని ఉంటే జరిమానా వేస్తారని మా ఊళ్లో అంటున్నారు. తాత భయపడి అన్నం తినడం లేదు.

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | సాయంత్రం 6:55

తాతకు ధైర్యం చెప్పు నాయనా. ఒకరి పేరు మీద తొమ్మిది కనెక్షన్ల దాకా ఉండవచ్చు. అది దాటితే 2023 టెలికాం చట్టం కింద మొదటిసారి 50 వేలు, మళ్లీ చేస్తే రెండు లక్షల దాకా జరిమానా ఉంది. మీ తాతకున్నది ఏడే. పైగా మోసంతో, వేరొకరి పేరుతో సిమ్ తీసినవాడికి అదే చట్టంలో మూడేళ్ల దాకా జైలు గానీ, 50 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు.

ఆ ఐదింటిలో చుట్టాలవి, పాత పొలం మోటారుకు పెట్టిన స్టార్టర్ సిమ్ లాంటివి లేవని ఒకసారి ఇంట్లో అందరినీ అడుగు. మోటారు పెట్టెలో సిమ్ ఉన్న సంగతి చాలామంది మర్చిపోతారు. లేవని తేలితే ఐదూ రిపోర్ట్ చేయి.

---

సెల్ షాప్ వాసు, తిరుపతి | రాత్రి 8:10

సార్, ఒకటి కలుపుతాను. mAadhaar యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే ఈ బాధ అంతా ఉండదు. లాక్ ఉంటే వేలు పెట్టినా పడదు. మా కస్టమర్లకు ఇదే చెప్తాను. తాతకు కూడా పెట్టేయండి.

---

కాళహస్తి భారతి | రాత్రి 8:25

వాసూ, లత గారికి బాగానే పనికొస్తుంది. తాతకు మాత్రం ఆలోచించాలి. పింఛను రోజున వేలు పడకపోతే ఆయన తిరిగి ఇంటికి రావాలి, రేషన్ దగ్గర కూడా అంతే. ప్రతిసారీ మనవడు పక్కనుండి లాక్ తీసిపెట్టగలిగితేనే అది కుదురుతుంది. ఇంకొకటి, లాక్ ఇకముందు తీసే సిమ్‌లనే ఆపుతుంది. ఇప్పటికే ఉన్న ఐదూ దానితో పోవు.

---

గూడూరు మాస్టారు | 16 సెప్టెంబరు, ఉదయం 6:15

నాకు రెండు ఫోన్లున్నాయి. ఒకటి 2009లో ఓటర్ కార్డుతో తీసుకున్నది, రెండోది ఆధార్‌తో. మొదటి దానితో లాగిన్ అయితే ఒకటే వస్తోంది. రెండో దానితో మూడు వస్తున్నాయి, అందులో మొదటిది లేదు. రెండూ నావే కదా, ఎందుకు కలవడం లేదు?

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | ఉదయం 7:30

మాస్టారూ, ఓటర్ కార్డులో మీ ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందేమో చూడండి. పత్రమూ వేరై, పేరు రాసిన తీరూ వేరైతే రెండు రికార్డులూ ఒకే మనిషివని కలవకపోవచ్చు. మీ విషయంలో అదే కారణమని మాత్రం ఖాయంగా అనలేను. ఇంట్లో రెండు మూడు పాత నంబర్లున్నవాళ్లు ప్రతి నంబరుతోనూ విడివిడిగా లాగిన్ అయి చూడాలని నేను చెప్పేది అందుకే. ఒక జాబితాలో లేదంటే అసలు లేనట్టు కాదు.

---

గూడూరు మాస్టారు | ఉదయం 8:02

ఇంటిపేరు ఒకే తీరుగా ఉందండీ. పుట్టిన తేదీ మాత్రం తేడా ఉంది. కంపెనీ స్టోర్‌లో అడిగి చూస్తాను.

---

పుత్తూరు గిరి | ఉదయం 9:15

లత గారు పోలీసులకు కూడా చెప్పాలా సార్? సిమ్ ఆగిపోయినా, ఈ మూడు నెలల్లో దానితో ఎవరినైనా మోసం చేసి ఉంటే?

---

టెలికాం రిటైర్డ్, చిత్తూరు | ఉదయం 10:10

నేనైతే ఇస్తాను. నంబరు ఆగిపోతే ముందు జరిగింది చెరిగిపోదు. ఏ తేదీన నాకు తెలిసింది, ఏ తేదీన రిపోర్ట్ చేశాను అని కాగితం మీద ఉంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించవచ్చు. cybercrime.gov.in లో కూడా ఇవ్వవచ్చు. 1930 ముఖ్యంగా డబ్బు పోయినవాళ్ల కోసం, ఇక్కడ డబ్బు పోలేదు కాబట్టి దానికి చేయక్కర్లేదు.

---

కాళహస్తి భారతి | ఉదయం 10:34

నాకు తెలిసినాయన స్టేషన్‌కు వెళ్తే, పూర్తి నంబరు లేకుండా ఏమని రాసుకోమంటారు అని పంపించేశారు. అందుకని రిఫరెన్స్ నంబరు, ఆధార్ నమోదుల ప్రింటు రెండూ తీసుకెళ్లండి. అయినా తీసుకుంటారో లేదో చెప్పలేను.

---

కొర్లగుంట లత | 29 సెప్టెంబరు, రాత్రి 8:50

రెండు వారాలైంది, ఏం జరిగిందో చెప్తాను. 38ని 15వ తేదీనే రిపోర్ట్ చేశాను. పన్నెండో రోజు చూస్తే జాబితాలో లేదు. 90 ఇంకా కనిపిస్తూనే ఉంది, దానికి పెట్టిన విన్నపం పెండింగ్ అని వస్తోంది. ఇంకో వారం చూసి, కదలకపోతే pgportal.gov.in లో టెలికాం శాఖకు రాస్తాను.

స్టేషన్‌లో మొదట వద్దన్నారు. ప్రింట్లు చూపించి ఒక రసీదు ఇవ్వమని అడిగితే, అర్జీ తీసుకుని ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చారు. మరిదితో స్టోర్‌కు వెళ్లి 15 ఆయన పేరుకు మార్చడానికి ఇచ్చాం. గొడుగు కింద అబ్బాయి ఆ చోట లేడు, పక్క కొట్టువాళ్లను అడిగితే జూలై నుంచి రావడం లేదన్నారు.

పలమనేరు తమ్ముడూ, తాత ఎలా ఉన్నారు? ఆయనవి ఎన్ని పోయాయి?

---

పలమనేరు మనవడు | 30 సెప్టెంబరు, ఉదయం 6:40

అక్కా, ఐదులో ఒకటి మా పొలం స్టార్టర్‌దే. సార్ చెప్పకపోతే దాన్ని కూడా కొట్టేసేవాళ్లం, మోటారు ఆగిపోయేది. మిగతా నాలుగులో మూడు పోయాయి. ఒకటి ఇంకా ఉంది. తాత అన్నం తింటున్నాడు. సంత రోజు మళ్లీ వ్యాన్ వస్తుందేమో చూసి దాని బోర్డు ఫోటో తీసుకుంటానన్నాడు.